అమ్మ "తిన్నావా" అన్నప్పుడు, నాన్న "డాలర్ ఎంతుంది" అన్నప్పుడు

చిన్నీ,

అమ్మ రోజూ అవే ప్రశ్నలు వేసి విసిగిస్తోందని మొన్న ఫోన్‌లో అన్నావు కదా. మావాడు చదువుకోడానికి వెళ్లినప్పుడు అలాంటి మెసేజులు నేనూ బోలెడు పెట్టాను కాబట్టి, ఇవతలి వైపు సంగతి చెబుతాను.

ముందు ఆ మెసేజ్ ఏ వేళకి వచ్చిందో చూడు. చలికాలంలో డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. నీకు మధ్యాహ్నం మూడింటికి "తిన్నావా?" అని వచ్చిందంటే ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర. పదింటికల్లా పడుకునే మా అక్క ఆ వేళకి మేలుకుందంటే, టీవీలో కాల్పుల వార్తో మంచు తుఫానో చూసి ఉంటుంది. "ఆ, తిన్నా" అంటే ఆవిడకి నిద్ర పట్టదు. "ఇప్పుడే రూముకొచ్చా, రూమ్మేట్స్ ఉన్నారు, నిన్నటి పప్పు వేడి చేసుకుంటున్నా" అని పెట్టు. మామూలు భోజనాల వేళ అడిగితే మాత్రం అంత ఆలోచించకు, అది ఉత్త అన్నం ప్రశ్నే.

పండగనాడు "ఏం వండుకున్నావ్?" అంటే, ఇంట్లో వండింది నువ్వు లేకుండా గొంతు దిగడం లేదన్నమాట. నూడుల్స్ తిన్నా సరే, ఆ మాటతో ఆపకు. బూరెలు విడిపోకుండా తోపు ఎంత చిక్కగా ఉండాలో అడుగు. పది నిమిషాలు చెబుతుంది.

మీ నాన్నది వేరే దారి. "డాలర్ ఎంతుంది?" అంటాడు, ఆ రేటు తన ఫోన్లోనే కనిపిస్తుంది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టిన మనిషి. నీ చదువయ్యాక కొన్నాళ్లకి వాయిదాలు మొదలవుతాయి, ఆలోగా ఉద్యోగం వస్తుందా అన్నది బావ బెంగ. సూటిగా అడగడు, ఈ వయసులో పిల్ల నెత్తిన అప్పు పెట్టానన్న బాధ ఒకటి. అందుకే పొద్దున "ఇంటర్వ్యూలేమైనా వచ్చాయా?" అన్నవాడే రాత్రికి "డబ్బుదేముంది, ఒళ్లు జాగ్రత్త" అంటాడు. రెండూ మనసులోంచి వచ్చినవే. మొదటిదానికి కోపం తెచ్చుకోకు, రెండోదాన్ని నమ్మి ఊరుకోకు.

"భయంగా ఉందా నాన్నా" అనడిగితే "మాకేం భయం" అంటాడు, మాట అక్కడితో సరి. లెక్కలు చెప్పు. చదువు ఎప్పుడయిపోతుంది, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, నీది సైన్స్, టెక్నాలజీ లాంటి స్టెమ్ కోర్సు కాబట్టి ఇంకో 24 నెలల పొడిగింపు అడగొచ్చు, మొదటి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఆ 90 సంగతి దాచకు. కాలనీలో ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు, అప్పుడు ఇంకేం దాస్తోందోనన్న టెన్షన్ కూడా తోడవుతుంది.

ఇవన్నీ చెప్పాక, వాయిదాలు ఏ నెల నుంచో లోన్ కాగితంలో చూసి చెప్పమను. బీరువా పై అరలో ఇన్సూరెన్స్ కాగితాల కింద పెట్టాడు. అడిగిన గంటలో ఫోటో తీసి పంపుతాడు చూడు.

మామయ్య