వెలిసిపోయిన పెళ్లి ఫోటోను పెయింటింగ్‌గా వేయించడానికి స్టూడియోకి ఉత్తరం

ప్రశ్న: మా తాతయ్య, నాయనమ్మల పెళ్లి ఫోటో బాగా వెలిసిపోయింది. దాన్ని ఆయిల్ పెయింటింగ్‌గా వేయించాలనుకుంటున్నాను. స్టూడియోకి ఉత్తరంలో ఏమేం రాయాలి?

జవాబు: మా అమ్మమ్మ, తాతయ్యల 1958 నాటి ఫోటోను ఇలాగే వేయించాను. ఫోటోలో కనిపించని సంగతులన్నీ ఉత్తరంలో ఉండాలి. ముఖ్యంగా రంగులు. బ్లాక్ అండ్ వైట్‌లో ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ దాదాపు ఒకేలా నల్లగా పడతాయి. మనం చెప్పకపోతే పెళ్లికూతురు కదా అని ఎర్ర చీరే వేస్తారు. మా చిన్నమ్మమ్మను అడిగితే చీర ముదురాకుపచ్చ పట్టు, అంచు ఎరుపు అని చెప్పింది.

నేను రాసింది ఇది:

"నమస్కారమండి. మా అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి ఫోటో స్కాన్ పంపుతున్నాను. 12×18 అంగుళాల కాన్వాస్ మీద ఆయిల్ రంగుల్లో వేయగలరా? అమ్మమ్మ చీర ముదురాకుపచ్చ, అంచు ఎరుపు. తాతయ్యది తెల్ల పంచె, ఎర్రంచు కండువా. ఇద్దరి నుదుటా బాసికాలు, బుగ్గల మీద చుక్కలు ఉన్నాయి. అవి మరకలు కావు, తీసేయకండి. అమ్మమ్మ చామనఛాయ, తెల్లగా చేయవద్దు. తాతయ్య ఎడమ చెంప ఫోటోలో చెరిగిపోయింది. అందుకే ఆయన ఆ వయసులో దిగిన మరో ఫోటో జతచేశాను. రంగులు వేసేముందు పెన్సిల్ స్కెచ్ పంపండి. చూసి సరేనన్నాకే ముందుకు వెళ్లండి. ధర, ఎన్నాళ్లు పడుతుందో తెలపండి."

ఆ మరో ఫోటో చాలా అవసరం. ముఖం చెరిగిపోయిన చోట చిత్రకారుడు ఊహించి పూరిస్తాడు, అప్పుడు అందరికీ ఉండే అందమైన ముఖమే వస్తుంది. ముసలితనంలో తీసినవి ఇస్తే దవడ, చెంపల ఆకారం మారిపోయి ఉంటుంది. అదే వయసు ఫోటో దొరక్కపోతే, పోలికలున్న అన్నదమ్ములదో, అక్కచెల్లెళ్లదో పడుచు వయసు ఫోటో ఇవ్వండి.

అసలు ఫోటోను పోస్టులో పంపకండి. 600 డిపిఐలో స్కాన్ చేయిస్తే 4×6 అంగుళాల ఫోటోకు 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని మెయిల్‌లోనో, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానో పంపండి. మామూలు ఫోటోలా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, కళ్ల దగ్గర వివరాలు పోతాయి. ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుని ఉంటే లాగొద్దు. తేమకు ఫోటో పైపొర అద్దానికి అంటుకుంటుంది, లాగితే ముఖాలే ఊడొస్తాయి. అద్దంతో పాటే స్కాన్ చేయించండి.

పెన్సిల్ స్కెచ్ వచ్చాక ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. నాకు బాగానే అనిపించిన స్కెచ్ చూసి చిన్నమ్మమ్మ, "అక్క గడ్డం ఇంత సన్నగా ఉండేది కాదురా" అంది. ఆ దశ కాబట్టి చెరిపి మళ్లీ గీశారు. రంగులు పడ్డాక ముఖం ఆకారం మార్చడం చాలా కష్టం, చాలాచోట్ల దానికి విడిగా డబ్బు కూడా అడుగుతారు.