గోడ చెమ్మకు అద్దె ఆపొచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పై అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. అద్దె 16,000, అడ్వాన్సు 32,000. రెండేళ్లుగా వానాకాలం వస్తే చాలు, బెడ్‌రూమ్ బయటి గోడ చెమ్మెక్కి నల్లగా బూజు పడుతోంది. పాపకు దగ్గు తగ్గడం లేదు. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా ఓనర్ 'మీరు ఇంట్లో బట్టలారేస్తున్నారు, అందుకే' అంటాడు. ఖాళీ చేస్తే పెయింటింగ్ ఖర్చు అడ్వాన్సులో కోస్తాడట. 11 నెలల అగ్రిమెంటు పోయినేడే అయిపోయింది. అందులో 'చిన్న రిపేర్లు అద్దెదారు, పెద్దవి యజమాని' అని ఉంది. రెండు నెలలు అద్దె ఆపేసి, అడ్వాన్సులో సర్దుకోమనొచ్చా?

జవాబు: ఆపొద్దు. పాప దగ్గు డాక్టరుకు చూపించండి. కోర్టు అడిగేది వేరు: ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఆ సంగతి ఓనర్‌కు రాతపూర్వకంగా ఏ తేదీన తెలిసింది?

ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 108(ఎఫ్) ప్రకారం, ఓనర్ చేయించాల్సిన రిపేరును నోటీసు అందాక సమంజసమైన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఏ రిపేరు ఎవరిదో ఆ సెక్షన్ చెప్పదు, అగ్రిమెంటు చెప్పాలి. మీ అగ్రిమెంటులోని ఆ ఒక్క లైనే మీ బలం. చెమ్మకు కారణం బయటి గోడ పగులే అయితే, దాన్ని చిన్న రిపేరని వాదించడం కష్టం. మీ దగ్గర లేనిది నోటీసు. రెండు వానాకాలాలు ఫోన్లో మొత్తుకున్నారు గానీ ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టలేదు! రేపు ఓనర్ 'నాకెప్పుడు చెప్పారు?' అంటే మీ దగ్గర జవాబుందా?

ముందు బట్టల వాదన తేల్చండి. బూజు పట్టిన చోట గోడను తుడిచి, అడుగు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అతికించి రెండు రోజులు వదిలేయండి. షీటుకు గదివైపు నీటి చుక్కలు పడితే అది గదిలోని తేమ, ఓనర్ అన్నదే నిజం. అప్పుడు బట్టలు బయట ఆరేయడం, బీరువాను గోడకు జానెడు దూరం జరపడం మీ పని. గోడవైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. అతికించేటప్పుడు, తీసేటప్పుడు తేదీ చెబుతూ వీడియో తీయండి. వాన పడ్డ మర్నాడు మరక అంచును పెన్సిల్‌తో గీసి ఫొటో తీయండి. వానలకు పెరిగి, వాన లేని వారంలో ఆగితే అది టెర్రస్ లేదా బయటి గోడ. వానతో పని లేకుండా పెరిగితే పైపు లీకేజీ.

ఈ ఫొటోలతో ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి, వాట్సాప్‌లోనూ పెట్టండి. ఆ ఫోన్ అమ్మొద్దు, చాట్ చెరపొద్దు. డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది. బయటి గోడ, టెర్రస్ ఉమ్మడి ఆస్తి కాబట్టి ఒక కాపీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఇవ్వండి. వాళ్ల లిఖిత అనుమతి లేకుండా గోడకు మనిషిని ఎక్కించకండి.

గడువు అడగడంలో తెలివి ఉండాలి. తడి గోడకు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ పట్టదు. జులైలో 'వారంలో మొత్తం బాగుచేయాలి' అని రాస్తే, అది సమంజసమైన సమయం కాదని ఓనర్ లాయరే చూపిస్తాడు. వారంలో మేస్త్రీతో చూపించి పగులును తాత్కాలికంగా పూడ్చడం, వానలు ఆగి గోడ ఆరాక బయటి కోటింగ్, ఆ తర్వాతే లోపల పుట్టీ, రంగు అని విడివిడిగా రాయండి. ఇప్పుడే లోపల రంగు వేయిస్తానంటే ఒప్పుకోవద్దు. కొన్ని వారాల్లో పొక్కులు లేచి ఊడిపోతుంది.

ఓనర్ కదలకపోతే రెండు కొటేషన్లు పంపి, పని చేయించి, బిల్లు ఇవ్వండి. బిల్లు 9,500 అయితే దాన్ని ఆ నెల అద్దెలో మినహాయించి, మిగతా 6,500 ఎప్పుడూ అద్దె కట్టే తేదీకే ఓనర్ బ్యాంకు ఖాతాలో వేయండి.

ఇక మీ ఆలోచన సంగతి. అడ్వాన్సు అద్దె కాదు, దాన్ని సర్దుకోమని ఓనర్‌ను బలవంతపెట్టే హక్కు మీకు లేదు. అద్దె ఆపిన మరుక్షణం చెమ్మ కేసు కాస్తా బకాయి కేసు అవుతుంది. పైగా అగ్రిమెంటు అయిపోయాక కూడా అద్దె తీసుకుంటున్నాడు గనుక మీది నెలవారీ అద్దె. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసుతో మిమ్మల్ని ఖాళీ చేయమనొచ్చు. మీరు కూడా అలాగే నోటీసు ఇచ్చి వెళ్లొచ్చు.

వెళ్లేటప్పుడు ఖాళీ ఇంటి వీడియో తీసి, తాళాలు అందాయని సంతకం తీసుకోండి. అడ్వాన్సుకు దావా మూడేళ్లలోపు వేయాలి. మీరు ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ గడువు పెరగదు, ఓనర్ గడువులోగా 'బాకీ ఉన్నాను' అని సంతకంతో రాసిస్తే పెరుగుతుంది. 32,000 కోసం నేరుగా దావాకు వెళ్లకుండా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు, అంటే ఆ రాజీ ఉత్తర్వు వస్తే, దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు.