నిమిషం క్లిప్‌లో పోయిన రెండు సెకన్లు

"అన్నా, ఏనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి రైతుల మీటింగ్ తీశాను. ఆఫీసర్ 11 నిమిషాల మాటను నిమిషానికి తగ్గిస్తే, నేనలా అనలేదంటున్నారు. తప్పెక్కడ?"

తమ్మీ, నీ క్లిప్, పూర్తి రికార్డింగ్ రెండూ చూశాను. "రేపటి నుంచి కొంటాం" దగ్గర మొదలుపెట్టావు. దానికి ముందు ఆయన "తేమ తగ్గిన సరుకైతే" అన్నారు. రెండు సెకన్లే, కానీ అది పోయేసరికి షరతు కాస్తా హామీ అయిపోయింది. మన భాషలో షరతు ముందొస్తుంది, కొనడం చివరికొస్తుంది. క్లిప్ మొదలయ్యే ఇన్ పాయింట్ కాస్త ఆలస్యంగా పెడితే పోయేది షరతే. అలాంటి వాక్యాన్ని ఉంచితే మొత్తం ఉంచు, లేదంటే మొత్తం తీసేయి. రైతు అడిగిన ప్రశ్న కూడా ముందు పెట్టు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది చప్పట్లు. అవి మొదట్లో శాలువా కప్పినప్పుడు కొట్టినవి. కోత కనపడకుండా వాటిని ఆ మాట మీద వేశావు. చూసేవాళ్లకు రైతులంతా ఒప్పుకున్నట్టే ఉంది. ఆ షాట్ తీసేసి, కోసిన చోట నాలుగైదు ఫ్రేముల తెల్ల ఫ్లాష్ పెట్టు. మధ్యలో మాట తీసేశారని తెలుస్తుంది.

తర్వాత మీటింగ్‌కు రాని ఒకరికి చూపించి, "ఆయన ఏమన్నారు?" అని అడుగు. వాళ్లు షరతు చెప్పకపోతే మళ్లీ ఎడిట్ చెయ్యి. నిమిషం దాటితే దాటనీ. పాత క్లిప్ తీసేసి, కొత్తదాని కింద ఏం సరిచేశావో ఒక లైన్ రాయి.