ఫామ్ బాగుపడుతోందని వాచీ అంది, కాళ్లు ఒప్పుకోలేదు

ప్రశ్న: నేను ఎంత తాజాగా ఉన్నానో చెప్పే ఫామ్ అంకె నా వాచీలో నెల క్రితం మైనస్ 18 ఉండేది, ఇప్పుడు మైనస్ 12కి వచ్చింది. రంగు ఆకుపచ్చే. కానీ తేలిక పరుగు కూడా బరువుగా ఉంటోంది. గ్రాఫును నమ్మి ఇలాగే కొనసాగించవచ్చా?

వద్దు. రేపటి పరుగు మానేసి ముందు ఇది చదవండి. మీరు రాసిన అంకెలు చూస్తుంటే మూడేళ్ల క్రితం నేనే ఈ ప్రశ్న అడిగానేమో అనిపించింది.

అప్పట్లో మారథాన్‌కు సిద్ధమవుతున్నాను. వ్యాయామం ఎంత భారమో చెప్పడానికి వాచీ వేసే అంకె లోడు. అంతకుముందు రోజుకు సగటున 40 దగ్గర ఉండే ఆ లోడును ఒక్కసారిగా 70కి పెంచాను. వారంలో ఫామ్ మైనస్ 15కు, రెండో వారం చివరికి మైనస్ 18కి దిగింది. దిగడం మామూలే కదా అనుకున్నాను. తర్వాత మూడో వారం మైనస్ 17, నాలుగో వారం మైనస్ 15, ఆరో వారం చివరికి మైనస్ 11. నేను లోడు తగ్గించలేదు, విశ్రాంతి తీసుకోలేదు, అయినా గీత పైకి వస్తోంది. శరీరం అలవాటు పడిపోయిందని మురిసిపోయాను.

శరీరం ఏమీ అలవాటు పడలేదు. అది ఉత్త లెక్క. ఫిట్‌నెస్ అని చూపే గీత దాదాపు 42 రోజుల లోడుకు సగటు, అలసట అని చూపేది 7 రోజుల సగటు. రెండింటిలోనూ నిన్నటి పరుగుకు ఎక్కువ విలువ, పాతవాటికి తక్కువ. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చేదే ఫామ్. లోడు పెంచి అక్కడే నిలబెడితే, అలసట గీత రెండు మూడు వారాల్లో 70 దగ్గరికి చేరి ఆగిపోతుంది. ఇక పెరగడానికి దానికి చోటు లేదు. ఫిట్‌నెస్ గీత మాత్రం మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది. రెండింటి మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి ఫామ్ బాగుపడినట్టు కనిపిస్తుంది. మంచం మీద పడి లేచినవాడికైనా, ఉత్సాహంగా ఉరికేవాడికైనా ఒకే లోడుకు ఒకే గీత. ఫిట్‌నెస్ వారానికి 5 పాయింట్లకు మించి పెరగకుండా చూసుకోమనే సలహా కూడా నన్ను కాపాడలేదు. నాది మొదటి వారంలో 4.7 మాత్రమే పెరిగింది. సలహాను పాటిస్తూనే గోతిలో పడ్డాను.

అసలు గొయ్యి ఆరో వారం ఆదివారం కనిపించింది. ప్రతి రెండు వారాలకూ ఒకే దారిలో, ఒకే వేగంతో పది కిలోమీటర్లు పరుగెత్తడం నా అలవాటు. ఎప్పుడూ గుండె వేగం 158 దగ్గర ఉండేది. ఆరోజు 148. ఊపిరి అందక, ఎనిమిదో కిలోమీటరు దగ్గర నడుద్దామా అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే వాచీ నా వీఓటూ మ్యాక్స్, అంటే శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, పెరిగిందని బాణం గుర్తు వేసి అభినందించింది! అదే వేగానికి గుండె తక్కువగా కొట్టుకుంటే దానికి తెలిసిన అర్థం ఒక్కటే: మీరు బలపడ్డారు. అలసట ముదిరినప్పుడు గుండె వేగం పెరగడానికి మొరాయిస్తుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. పొద్దున లేవగానే చూసే గుండె వేగం కూడా 50 నుంచి 46కి తగ్గింది. పెరిగితే ప్రమాదమని అందరూ చెబుతారు గానీ, తగ్గినా అనుమానించాలని నాకెవరూ చెప్పలేదు.

దీని పర్యవసానం చూడండి. లోడును వాచీ లెక్కించేది గుండె వేగంతోనే. గుండె లేవకపోతే లోడు తక్కువగా నమోదవుతుంది. లోడు తగ్గితే అలసట గీత దిగుతుంది, ఫామ్ ఇంకాస్త ఎక్కుతుంది. అంటే నేను ఎంత చెడిపోతే వాచీ నన్ను అంత మెచ్చుకుంది. ఆ మంగళవారం వేగపు పరుగుల్లో మామూలుగా 175 చేరే గుండె 160 దాటలేదు. అంతకుముందు 85 చూపిన అదే వ్యాయామానికి ఆరోజు 68 వేసింది. నాకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఆ వారం నిద్ర సరిగా పట్టలేదు, ప్రతి మాటకూ చిరాకు. మా అక్క రెండు రోజులు ఓపిక పట్టి, "ఆ వాచీని అడగడం మానేసి ఒకసారి అద్దంలో మొహం చూసుకో" అంది.

అప్పుడు ఆపాను. పూర్తిగా ఆపిన నాలుగో రోజుకే ఫామ్ ప్లస్ 16 అయింది. పోటీకి తాజాగా ఉన్నారని గ్రాఫు చెప్పిన ఆ రోజే నేను రెండంతస్తుల మెట్లు ఎక్కి రొప్పుతున్నాను. అలసట ఏడు రోజుల లెక్కన తీరిపోతుందని అది ముందే నిర్ణయించుకుంది. నాకు మామూలుగా పరుగెత్తడానికి ఐదు వారాలు పట్టింది. మధ్యలో డాక్టరు రక్తపరీక్ష చేయించారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపిస్తాయట. నాకు అవేవీ లేవు, కానీ మీకు రెండు వారాల విశ్రాంతితో తేడా రాకపోతే తప్పక చూపించుకోండి.

ఆ ఆకుపచ్చ రంగు పెట్టినవారి మీద నాకు ఇంకా కోపమే. ఒక తీసివేతకు అంత నమ్మకంగా రంగు వేయాలా? దానికి తోడు, చాలామంది వాచీలో గరిష్ఠ గుండె వేగాన్ని 220 లోంచి వయసు తీసేసి వచ్చిన అంకెగానే వదిలేస్తారు. మణికట్టు సెన్సరు ఒక్కోసారి గుండెను వదిలి అడుగుల లయను పట్టుకుంటుంది. తేలిక పరుగులో 175 కనిపిస్తే అది గుండె కాకపోవచ్చు. మూలమే ఇలా ఉంటే, ఫామ్‌లో రెండు పాయింట్ల తేడా గురించి రాత్రంతా ఆలోచించేవారిని ఏమనాలి? నేనూ అదే పని చేశాను లెండి.

గ్రాఫును పారేయలేదు. లోడు ఎంత త్వరగా పెంచుతున్నానో చూడటానికి అది పనికొస్తుంది. దాని పక్కన ఇంకో అంకె రాసుకుంటున్నాను. పరుగు ముగిశాక అరగంట ఆగి, ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు వేసి నిమిషాలతో గుణిస్తాను. నా తేలిక పరుగు గంటకు కష్టం 3, అంటే 180. అదే పరుగుకు వాచీ లోడు 55 చూపుతుంది. వాచీ 55 దగ్గరే ఉండి నా అంకె 300కు వెళ్లిందంటే, ఆ గంటకు నేను 5 మార్కులు వేశానన్నమాట. ఒకసారైతే నిద్ర చాలలేదని సరిపెట్టుకుంటాను. వరుసగా రెండుసార్లు అయితే, ఫామ్ ఏ రంగులో ఉన్నా ఆ వారం లోడు సగానికి తగ్గిస్తాను. ప్రతి నాలుగో వారం లోడు ఎలాగూ మూడో వంతు తగ్గుతుంది, బాగున్నా సరే.

పది కిలోమీటర్ల దారిని కూడా వదల్లేదు. గుండె వేగం తగ్గి కష్టమూ తగ్గితే అది ఫిట్‌నెస్. రెండూ పెరిగితే ఎండో, జ్వరమో, మామూలు అలసటో అయివుంటుంది. గుండె వేగం తగ్గి కష్టం పెరిగితే మాత్రం ఆరోజే ఇంటికి నడిచి వచ్చేస్తాను.

మీరు ఫామ్ అంకె రాశారు గానీ, ఆ తేలిక పరుగులో గుండె వేగం ఎంతో రాయలేదు. నెల క్రితం అదే దారిలో ఎంత ఉందో, ఇప్పుడు ఎంత ఉందో చూసి చెప్పండి. తగ్గివుంటే మీ మైనస్ 12కు ఏ విలువా లేదు.