తొమ్మిది గడుల మీమ్ చేసిన మేనల్లుడికి

ఒరే చిన్నోడా,

నువ్వు పంపిన మీమూ, దాని కింద మీవాళ్ళు పెట్టిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లూ అన్నీ చూశాను. "మన గ్రూపులో తొమ్మిది రకాల మనుషులు, నువ్వెవరో చెప్పు" అన్నావు. పదకొండు మందిలో ఏడుగురు ఒకే గడి ఎంచుకున్నారు, నాలుగు గడులను ఎవరూ ముట్టుకోలేదు, చివరికి ఒకడు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఎక్కడ తేడా కొట్టింది అత్తా అని అడిగావు కదా. ఏళ్ళ తరబడి ఒక హాస్య పేజీకి ఇలాంటివి చేసి, నీకంటే ఎక్కువ మందిని అలిగించిన అనుభవంతో చెప్తున్నా, విను.

ముందు ఆ ఏడుగురి సంగతి. వాళ్ళు ఎంచుకున్న గడిలో ఏం రాశావు? "పైకి నవ్వుతూ కనిపిస్తాడు, లోపల చాలా ఆలోచిస్తాడు." ఇది మనిషిగా పుట్టిన ఎవరికైనా సరిపోతుంది కదరా! 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన క్లాసులో 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఇదిగో నీ స్వభావం అంటూ ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చాడు. అందరి కాగితంలోనూ ఉన్నది ఒకటే. అది తమకెంత సరిపోయిందో మార్కులు వెయ్యమంటే, 5కి సగటున 4.26 వేశారు. నీ గడిదీ అదే కథ. అందరికీ సరిపోయేది రాస్తే అందరూ అందులోనే దూరతారు, నవ్వు మాత్రం రాదు. మూడో మనిషి "నేనూ అదే" అన్నప్పుడే తెలిసిపోవాలి, ఆ గడి మరీ వదులుగా ఉందని.

ఇక ఎవరూ ముట్టుకోని గడులు. అందులో "అందరికీ అండగా నిలబడేవాడు" అని ఒకటి పెట్టావు. మంచిదేగా, ఎవరూ ఎందుకు తీసుకోలేదని నీ సందేహం. నలుగురి ముందు "అది నేనే" అని ఎవడైనా అంటాడా? తన డప్పు తానే కొట్టుకుంటున్నాడు అంటారని భయం. ఉత్త పొగడ్త రాసిన గడిని ఎవరికి వారు తీసుకోలేరు, పక్కవాడు ఇవ్వాల్సిందే. దాన్ని అలా కాకుండా "అందరి గొడవలూ తీరుస్తాడు, తన ఫోన్ బిల్లు కట్టడం మాత్రం మర్చిపోతాడు" అని రాసి చూడు, ముగ్గురు పోటీ పడతారు. ఆ మతిమరుపు చాటున మంచితనాన్ని దర్జాగా చెప్పుకోవచ్చు మరి. నవ్వుతాలుగా తనను తాను తిట్టుకునేవాడు చాలాసార్లు చేసే పని ఇదే. ఆలస్యంగా వస్తా, రాత్రంతా మేలుకుంటా, మెసేజ్ చూసి మూడు రోజులకు జవాబిస్తా అని అందరూ గర్వంగా ఒప్పుకుంటారు. తీసుకున్న డబ్బు తిరిగివ్వను, ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్తాను అని ఒప్పుకున్నవాణ్ణి మాత్రం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. సిగ్గుపడుతూ ఎంచుకున్నట్టే ఉంటారు గానీ, ఏ తప్పు ఒప్పుకుంటే పరువు పోదో ముందే లెక్క చూసుకుంటారు. దాన్ని నేను తప్పు పట్టను, నేనూ అంతే.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఎలియట్ ఆరన్సన్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1966లో ఒక ప్రయోగం గురించి రాసింది. క్విజ్ పోటీకి వచ్చిన అభ్యర్థి మాటల రికార్డింగు కొందరికి వినిపించారు. ఒక రికార్డింగులో అతను కష్టమైన ప్రశ్నలకు 92 శాతం సరిగ్గా చెప్తాడు, ఇంకోదాంట్లో 30 శాతమే. కొన్నిట్లో చివర్లో కాఫీ ఒలకబోసుకుని కంగారు పడతాడు. తెలివైనవాడు ఒలకబోసుకుంటే విన్నవాళ్ళకు అతని మీద ఇష్టం పెరిగింది. మామూలువాడు అదే పని చేస్తే ఉన్న ఇష్టం కూడా తగ్గింది.

ఇప్పుడు నీ ఆరో గడి చూడు. "పరీక్ష ముందు రోజు రాత్రి పుస్తకం తెరిచేవాడు." అది నేనే అని ఎగిరి గంతేసింది ఎవరు? మీ బ్యాచ్ టాపర్! వాడికి పోయేదేముంది? నిజంగా రెండు సబ్జెక్టులు తప్పినవాడు ఆ గడి జోలికి పోలేదు, చూశావా? చడీచప్పుడు లేకుండా పాటలు పంపేవాడి గడి తీసుకున్నాడు. వాడికది సరదా కాదు మరి. అందుకని ఎవరైనా సురక్షితమైన గడి ఎంచుకుంటే "అబద్ధం, నువ్వు ఆరో గడి" అని వెంటపడకండి. పైకి గొప్పలు పోతున్నట్టు కనిపించేవాడు కొన్నిసార్లు ఏదో దాచుకోవడానికి అలా చేస్తాడు.

మీ గ్రూపులో జరిగింది సరిగ్గా ఇలాంటిదే. ఎనిమిదో గడిలో "స్వార్థపరుడు, అవసరం ఉంటేనే గుర్తొస్తాం" అని రాశావు. దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఒక గంట తర్వాత ఒకడు ఇంకొకడి పేరు ట్యాగ్ చేసి నవ్వు బొమ్మలు పెట్టాడు, ఇంకో నలుగురు వంత పాడారు. తనంతట తను ఎంచుకుంటే జోక్ అయ్యేది, పక్కవాడు అంటగడితే నింద అయింది. స్క్రీన్‌షాట్లో టైము చూడు. మిగతా అందరూ రెండు మూడు నిమిషాల్లో ఎదురు జవాబు ఇచ్చారు. వాడు నలభై నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత "హ్మ్" అన్నాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు అక్షరం ముక్కతో సరిపెడితే ఆట అక్కడితో ఆపెయ్యాలి.

ఆ గడిని తీసెయ్యక్కర్లేదు, తిరగరాయి. స్వార్థపరుడు అనేది తీర్పు, దాన్ని నెత్తిన పెట్టుకుని నవ్వడం ఎవరివల్లా కాదు. మనిషి గుణం వదిలేసి కంటికి కనిపించే పని ఒకటి రాయి: "ఆరు నెలలకోసారి 'ఎలా ఉన్నారు ఫ్రెండ్స్' అంటాడు, రెండో మెసేజ్‌లోనే నోట్స్ పీడీఎఫ్ అడుగుతాడు." ఇది చదివి ఆ అబ్బాయే చెయ్యెత్తి ఉండేవాడేమో. ఎదురుగా కూర్చుని వాడి మొహం చూస్తూ చదివి వినిపించగలవా అని ప్రతి గడికీ నిన్ను నువ్వు అడుగు. గొంతు తడబడిందంటే దాన్ని మార్చాల్సిందే.

ఇంకో చిన్న కిటుకు. మీమ్ పెట్టగానే మొదటి ఎంపిక నీదే కావాలి, అదీ కాస్త పరువు తక్కువ గడే కావాలి. మొదటివాడు ఎక్కడ నిలబడితే మిగతావాళ్ళు ఆ చుట్టుపక్కలే నిలబడతారు. నువ్వేమో అందరూ అయ్యాక "నేను లీడర్" అన్నావు. మీమ్ చేసినవాడు లీడరయ్యి మిగతావాళ్ళు నమూనాలైతే ఎవరికి నచ్చుతుంది?

ఆ అబ్బాయికి గ్రూపులో అందరి ముందు సారీ చెప్పకు, ఇంకోసారి అందరి కళ్ళూ వాడి మీదే పడతాయి. విడిగా ఫోన్ చెయ్యి. "ఎనిమిదో గడి రాసింది నేను, చెత్తగా రాశాను" అను చాలు. అది వాడి గురించి కాదు అని మాత్రం అనకు, నమ్మడు.

తొమ్మిదింట్లో నేనెవరని కూడా అడిగావు. నాలుగో గడి: "ఎక్కువ మాట్లాడదు, అవసరమైనప్పుడు మాత్రం ఉంటుంది." పక్కనుంచి ఈ ఉత్తరం చదువుతూ మీ మామయ్య తొమ్మిదో గడి అంటున్నాడు: "ఒక్క ముక్క అడిగితే మూడు పేజీలు రాసేది."

మీ అత్త