చిన్న గుద్దుడే అయినా ఆ కాగితం తీసుకోండి

"సిగ్నల్ దగ్గర ఒక బైకు నా కారుకు తగిలింది. పెద్ద దెబ్బలేమీ లేవు. ఇలాంటప్పుడు అక్కడే మాట్లాడుకుని వెళ్లిపోవచ్చా, పోలీసులకు చెప్పాలా?"

చెప్పి తీరాలి. డబ్బు ఇచ్చినా, పుచ్చుకున్నా, నవ్వుతూ విడిపోయినా సరే.

హబ్సిగూడలో నేను ఎడమవైపు తిరుగుతుండగా పక్క నుంచి ఒక బైకు వచ్చి, నా కారు ముందు తలుపును గీసుకుంటూ పడిపోయింది. కుర్రవాడి మోకాలు చెక్కుకుపోయింది. లేపి కూర్చోబెట్టి 108కి ఫోన్ చేస్తానంటే వద్దన్నాడు. ఈలోగా జనం మూగారు. ఈ గుంపు తీర్పులంటే నాకు ఒళ్లు మంట. జరిగింది చూసినవారు ఒక్కరూ ఉండరు, కానీ కారువాడిదే తప్పని అందరూ తేల్చేస్తారు. "రెండు వేలు ఇచ్చి పంపించేయండి సార్" అన్నారు.

నేను ముందు పది అడుగులు వెనక్కి వెళ్లి, రెండు బండ్లూ రోడ్డు మీది గీతలూ కలిసి కనిపించేలా ఫొటో తీశాను. తర్వాత నంబరు ప్లేట్లు, గీతపడిన తలుపు. ఆ తర్వాతే బండ్లను ఎడమ అంచుకు జరిపాం. పోలీసులు వచ్చేదాకా కదపకూడదని చాలామంది నడిరోడ్డు మీదే నిలబడిపోతారు. ఎవరికీ గట్టి దెబ్బ తగలనప్పుడు అది మరో ప్రమాదాన్ని పిలవడమే.

వివరాలను నోటిమాటగా తీసుకోవద్దు. అతని లైసెన్సు, ఆర్సీ, బీమా కాగితం ఫొటో తీశాను, నావీ తీసుకోనిచ్చాను. అతను చెప్పిన నంబరుకు అక్కడే ఫోన్ చేసి, మోగిందని చూసుకున్నాను. అతని బీమా గడువు రెండు నెలల కిందటే ముగిసింది. పోలీసులు వద్దని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం మనిషికి గాయమైనా, ఎదుటివారి ఆస్తి దెబ్బతిన్నా డ్రైవరు 24 గంటల్లోగా దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. నేను ఆ సాయంత్రమే వెళ్లి, జరిగిన సమయం, చోటు, రెండు బండ్ల నంబర్లు, మోకాలి గాయం సంగతి రాసి రెండు ప్రతులు ఇచ్చాను. జనరల్ డైరీలో రాసుకుని, ఒక ప్రతి మీద ముద్ర వేసి తిరిగి ఇచ్చారు.

మూడో రోజు అతని బంధువునంటూ ఒకాయన ఫోన్ చేశాడు. మణికట్టు విరిగిందట, నేను ఆగకుండా పారిపోయానట, నలభై వేలు ఇవ్వాలట. ముద్ర వేసిన ప్రతిని, ఫొటోలను పంపించాను. గాయం నిజమైతే నా బీమా కంపెనీ ఉంది, ట్రిబ్యునల్ ఉంది, అక్కడ అడగమన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.

బీమా కంపెనీకి కూడా అదే రోజు చెప్పాను. సర్వేయరు చూసేదాకా తలుపును మెకానిక్ చేత ముట్టించలేదు. గీత ఒక్కటే అనుకున్నాం గానీ, తలుపు విప్పితే లోపలి అద్దం పట్టాలు వంగి ఉన్నాయి. రోడ్డు మీద ఆ రెండు వేలతో లెక్క తేల్చుకుని ఉంటే ఆ ఖర్చంతా నా జేబులోంచే పోయేది.