డిలీట్ అయిన వాయిస్ రికార్డింగు: ఐఫోన్‌లో వెతికే క్రమం

"ఐఫోన్‌లో అమ్మమ్మ పాడిన మంగళహారతి రికార్డింగు రెండు వారాల క్రితం పొరపాటున డిలీట్ చేశాను. ఐక్లౌడ్ ఉంది. మళ్లీ దొరుకుతుందా అండీ?"

దొరికే అవకాశం బాగానే ఉందండీ. మీరు సెట్టింగు మార్చకపోయి ఉంటే, తొలగించిన రికార్డింగు 30 రోజుల పాటు Recently Deleted ఫోల్డరులో ఉంటుంది. Voice Memos తెరిచి, ఎడమవైపు పైన ఉన్న బాణం గుర్తు నొక్కితే ఫోల్డర్ల జాబితా వస్తుంది; అందులో ఆ ఫోల్డరు తెరిచి, రికార్డింగును తాకి Recover నొక్కండి. ఆ ఫోల్డరే కనిపించకపోతే అందులో ఏమీ మిగల్లేదని అర్థం.

అప్పుడు ఐక్లౌడ్ సంగతి జాగ్రత్తగా చూడాలి. ఐక్లౌడ్‌లో Voice Memos ఆన్‌లో ఉంటే అది కేవలం సింక్ మాత్రమే కాబట్టి, ఫోనులో తీసేసినది మీ ఐప్యాడ్‌లోనూ మ్యాక్‌లోనూ పోతుంది. పైగా ఆ రికార్డింగులు ఐక్లౌడ్ బ్యాకప్‌లో చేరవు. అయితే అప్పటినుంచి నెట్‌కు కలపని పాత ఐప్యాడ్ ఇంట్లో ఉంటే, వైఫై అందకుండా రౌటరు ఆపి దాన్ని తెరవండి, రికార్డింగు ఇంకా ఉంటే ముందు Files లోకి ఒక కాపీ దాచండి.

సింక్ ఆఫ్‌లో ఉన్నప్పుడే బ్యాకప్ అక్కరకొస్తుంది. డిలీట్ చేసిన రోజుకు ముందుదైన బ్యాకప్ ఉండాలి, దాన్ని తెచ్చుకోవడానికి ఫోను మొత్తం చెరిపేయాలి. కనుక ఇప్పుడున్న ఫొటోలు, సందేశాలు కంప్యూటరులో విడిగా భద్రపరచకుండా ఆ పనికి పూనుకోకండి.